పత్తి పైసలు ఏ పంటకాలానివి?

పోయినేడు ఉగాదికి ఊరికి పోయినప్పుడు మా తమ్ముడు ఒక మాట అన్నాడు. "అన్నా, బోరు కింది రెండెకరాలల్ల గూడ ఇగ వరి బంద్ జేస్త. నాలుగెకరాలు పత్తే పెడ్త. వడ్లల్ల ఏం మిగుల్తలేదు, పత్తి మీదనే ఇల్లు నడుస్తుంది." ఆ నాలుగెకరాల్లో సగం నా పేరు మీద ఉంది. నేను షోలాపూర్ గిర్నీలో పద్దులు రాసి రిటైరైనవాణ్ణి, సేద్యం చేసేది వాడు. కాదనడానికి నోరు రాలేదు, సరే అనడానికి మనసు ఒప్పలేదు. "నోటుబుక్కు ఉందా?" అని అడిగాను.

ఉంది. అది చూసి సంతోషపడ్డాను. చాలామంది రాయనే రాయరు. మావాడు 2022 జూన్ నుంచి తారీకు వేసి ప్రతి రూపాయీ రాశాడు: ట్రాక్టరు కిరాయి, మందుబస్తాలు, నాటు కూలీ, చివరికి కూలీలకు పోసిన చాయ్ కూడా. అయితే అన్నీ ఒకే వరుసలో, వచ్చిన తారీకు ప్రకారం ఉన్నాయి. కిరాణా దుకాణం పద్దు అలా నడుస్తుంది గానీ పంట పద్దు నడవదు. ఎందుకు నడవదో మా రెండేళ్ల లెక్కతోనే చెప్తాను. మన బస్తీలో ఊళ్లో భూమి ఉన్నవాళ్లు, అన్నదమ్ములకో కౌలుకో ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పంచాయితీ మా ఇంట్లో ఒక్కటే కాదని తెలుసు.

మాకు ఊళ్లో రెండెకరాలు బోరు కింది తరి, రెండెకరాలు వాన మీద ఆధారపడ్డ చెలక. తరిలో వానాకాలం, యాసంగి రెండుసార్లూ వరి. చెలకలో జూన్‌లో పెట్టిన పత్తి జనవరి దాకా ఉంటుంది, తర్వాత ఎండాకాలమంతా ఖాళీ.

తమ్ముడి బుక్కులో ఉన్నట్టే 2022 వానాకాలం కూడితే ఇలా వచ్చింది. వడ్లు అమ్మగా 86,520 రూపాయలు చేతికొచ్చాయి. ఖర్చేమో వరికి 51,000, బోరు మోటరు కాలిపోతే బాగు చేయించడానికి 12,000, దీపావళి దాకా పత్తికి పెట్టింది 42,000. మొత్తం 1,05,000. అంటే వానాకాలం 18,480 రూపాయల నష్టం. యాసంగికి వస్తే వడ్ల మీద 70,040, పత్తి అమ్మగా 1,21,600 వచ్చాయి. ఖర్చు వరికి 52,000, పత్తి ఏరుడుకు, బండి కిరాయికి, ఉద్దెర మందుల మిత్తికి కలిపి 14,000. మిగులు 1,25,640.

ఈ లెక్క చూసినవాడు ఎవడైనా వానాకాలం దండగ, యాసంగి బంగారం అంటాడు. నిజానికి ఆ యాసంగిలోనే, 2023 మార్చి, ఏప్రిల్ నెలల్లో వడగండ్లు కురిసి మా వరి నేలకొరిగింది. మా పొలానికి ఆ రెండేళ్లలో అన్నిటికంటే చెడ్డ వరి పంట అది. కూడికలో తప్పు ఎక్కడా లేదు, నేను రెండుసార్లు చూశాను. పత్తికి ఖర్చు వానాకాలంలో పెట్టాడు, పైసలు ఫిబ్రవరిలో వచ్చాయి. తారీకు ప్రకారం రాసేసరికి ఖర్చు ఒక కాలం మీద, రాబడి ఇంకో కాలం మీద పడింది. పత్తి డబ్బు ఒకేసారి కట్టగా చేతికొచ్చింది కాబట్టి ఇల్లు పత్తి మీదనే నడుస్తున్నట్టు వాడికి అనిపించింది.

గిర్నీలో సాంచాల లెక్క గుర్తు తెచ్చుకోండి. ఈ నెల ఎంత నూలు కొన్నాం, ఎంత బట్ట అమ్మాం అని నెల లెక్క వేస్తే ఏ సాంచా మంచిగా నడుస్తుందో ఎన్నటికీ తెలియదు. ఒక్కో సాంచాకు ఒక్కో కార్డు ఉంటుంది, దానికి పోసిన నూలు, అది నేసిన మీటర్లు అందులోనే రాస్తాం. పొలంలో కూడా అంతే. పంటకు ఒక పేజీ పెట్టాలి. ఆ పంట విత్తనం నుంచి ఆఖరి బస్తా అమ్మేదాకా ఎన్ని నెలలైనా అదే పేజీలో రాయాలి. పత్తి పైసలు ఫిబ్రవరిలో వచ్చినా పేజీ మీద "వానాకాలం పత్తి, 2022" అనే ఉంటుంది.

ఉగాది మూడు రోజులూ అరుగు మీద కూర్చొని పేజీలు విడదీశాం. 2022 వానాకాలం వరి పేజీ, రెండెకరాలకు, ఇలా తయారైంది.

దుక్కి, దమ్ము, ఒడ్లు చెక్కుడు: 11,000
విత్తనం, నారుమడి: 2,400
నాటు కూలీ: 10,000
ఎరువులు: 9,200
కలుపు మందు, కలుపు కూలీ: 4,400
పురుగు, తెగులు మందులు: 4,600
కోత మిషన్: 6,000
ట్రాక్టరు, హమాలీ, టార్పాలిన్ కిరాయి: 3,400
మొత్తం: 51,000
దిగుబడి: 48 క్వింటాళ్లు, ఎకరాకు 24

ఇక్కడిదాకా తగువు లేదు. ఈ వరుసల్లో లేనివాటి దగ్గర మొదలైంది.

మొదటిది, ఇంటికి ఉంచుకున్న వడ్లు. 48 క్వింటాళ్లలో 42 అమ్మారు, ఆరు తిండికి పెట్టుకున్నారు. తమ్ముడి బుక్కులో ఈ ఆరు క్వింటాళ్ల జాడే లేదు, డబ్బు రాలేదు గదా అన్నాడు. ఆరు క్వింటాళ్లు మర పట్టిస్తే సుమారు నాలుగు క్వింటాళ్ల బియ్యం. అవి దుకాణంలో కొనాల్సి వస్తే డబ్బు ఇంట్లోంచే పోయేది. కొనే ధర వేస్తే ఇంకా ఎక్కువే అవుతుంది గానీ, అమ్మిన ధరే వేశాను. ఆ ఏడు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,060. ఆరు క్వింటాళ్లకు 12,360 రూపాయలు రాబడిలో కలిసింది. మొత్తం రాబడి 98,880 అయింది.

రెండోది మోటరు. 12,000 మొత్తం ఆ ఒక్క వరి మీదనే వేశాడు తమ్ముడు. కానీ అదే మోటరు తర్వాతి మూడు పంటలకూ నీళ్లు పోసింది. నాలుగు పంటలకు పంచి, ఒక్కోదాని మీద 3,000 వేశాం. చెలక పత్తికి బోరు నీళ్లు ముట్టవు కాబట్టి దాని మీద వేయలేదు. ఉమ్మడి ఖర్చును ఎకరాల లెక్కన అన్ని పంటలకూ సమానంగా పంచేవాళ్లు ఉన్నారు. అది సులువే గానీ సరైంది కాదు. ఎవరు వాడుకున్నారో వాళ్ల మీదనే పడాలి.

మూడోది తరుగు. కొనుగోలు కేంద్రంలో బస్తాకు 42 కిలోలు తూచి 40 రాసుకున్నారు. తేమ 17 శాతం లోపలే ఉంది, తాలు కూడా పట్టించారు, అయినా రెండు కిలోలు పోయాయి. 105 బస్తాలకు 210 కిలోలు, అంటే 4,326 రూపాయలు. ఇది చేతినుంచి ఇచ్చింది కాదు కాబట్టి ఖర్చులో కనిపించదు, చేతికి రాలేదు కాబట్టి రాబడిలోనూ కనిపించదు. లాభం లెక్క మారదు గానీ, పేజీ కింద వేరే వరుసగా రాయించాను. ఎందుకంటే పొలం ఎంత పండించిందో, మనకు ఎంతకు పైసలు ఇచ్చారో రెండూ తెలియాలి. తూకం చీటీలో అంకె మాత్రమే చూస్తే దిగుబడి తగ్గిందని ఎరువు పెంచేవాడు కూడా ఉంటాడు.

నాలుగోదాని దగ్గర మా మరదలు మాట్లాడింది. అప్పటిదాకా వంటింట్లోంచి వింటూ ఉంది. "బావా, పత్తి ఏరిన కూలోళ్లకు పదకొండు వేలు ఇచ్చినమని రాసిండ్రు. నేను, అవ్వ ఏరింది ఏడ రాసిండ్రు?" అంది.

ఎక్కడా రాయలేదు. ఆ ఏడు పత్తి 16 క్వింటాళ్లు. కిలోకు 11 రూపాయల చొప్పున కూలీలు ఏరింది పది క్వింటాళ్లు. మిగతా ఆరు క్వింటాళ్లు మా మరదలు, మా అవ్వ ఏరారు. అదే రేటు కడితే 6,600. కలుపుకు మరదలు పోయిన ఇరవై రోజులకు రోజుకు 300 చొప్పున 6,000. మందు కొట్టడానికి, గుంటుక తోలడానికి తమ్ముడు పోయిన పది రోజులకు 500 చొప్పున 5,000. పత్తి పేజీలో ఇంటి కూలీ 17,600 అయింది. వరి పేజీలో నీళ్లు పెట్టడానికి, ఒడ్లు చూసుకోవడానికి తమ్ముడి ఇరవై రోజులు, 10,000.

దీని మీద తమ్ముడు ఒప్పుకోలేదు. "మన చెయ్యి మనం ఆడిస్తే ఖర్చెట్లయితది?" అన్నాడు. అదీ నిజమే, జేబులోంచి పోదు. అందుకే రెండు వరుసలు పెట్టాం: ఇంటి కూలీ తీయకముందు మిగిలింది, తీసిన తర్వాత మిగిలింది. మద్దతు ధరలు సిఫారసు చేసే వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ కూడా ఇలాగే చూస్తుంది. చేతినుంచి పెట్టిన ఖర్చు ఒకటి, దానికి ఇంటివాళ్ల కష్టం కలిపింది రెండు, సొంత భూమికి కౌలు, సొంత డబ్బుకు మిత్తి కూడా కలిపింది మూడు. మూడు అంకెలు మూడు ప్రశ్నలకు జవాబులు. ఇల్లు గడుస్తుందా అంటే మొదటిది చూడాలి. రెండు పంటల్లో ఏది మేలు అంటే రెండోది చూడాలి. ఒక పంట ఇంటి ఆడవాళ్ల రెక్కలు ఎక్కువ తింటుంటే మొదటి అంకెలో అది లాభంలాగే కనిపిస్తుంది.

కౌలుకు ఇస్తే మేలా అని అడిగేటప్పుడు మూడోది కావాలి. మేము అక్కడిదాకా పోలేదు. నేను షోలాపూర్ నుంచి పంపిన పెట్టుబడికి మిత్తి రాయాలని తమ్ముడే అన్నాడు, నేనే వద్దన్నాను. కాబట్టి మా పద్దులో ఆ మేరకు వరి కాస్త ఎక్కువ మంచిగా కనిపిస్తుంది. పత్తి మందులు ఉద్దెర తెచ్చినవి, వాటి మిత్తి పేజీలో పడింది.

ఇప్పుడు మొదటి ఏడు ఫలితం. పత్తికి ఎనిమిదేసి క్వింటాళ్లు, క్వింటాలు 7,600 కు పోయింది. 1,21,600 లోంచి చేతి ఖర్చు 56,000, ఇంటి కూలీ 17,600 తీస్తే 48,000 మిగిలింది. ఎకరాకు 24,000. వానాకాలం వరికి అన్నీ తీసేస్తే ఎకరాకు 17,440. తమ్ముడు నా మొహం చూసి నవ్వాడు. "సూసినవా, పత్తే గదా?"

అప్పుడే చెప్పాను, పత్తి ఎన్ని నెలలు భూమిని పట్టుకుని ఉంటుందని. జూన్ నుంచి జనవరి. వరి నవంబరు కల్లా భూమిని ఖాళీ చేస్తుంది, ఆ మడిలోనే యాసంగి వేసుకుంటాం. తరిలో పత్తి పెడితే పోయేది ఒక వరి కాదు, రెండు. కాబట్టి పత్తి ఎకరాను ఒక పంటకాలం వరితో కాదు, ఏడాది మొత్తం తరి ఎకరాతో తూచాలి. ఆ ఏడు వడగండ్ల యాసంగికి ఎకరాకు 17 క్వింటాళ్లే వచ్చాయి. అన్నీ తీసేస్తే ఎకరాకు 1,520 రూపాయలు. రెండు వరులూ కలిపితే 18,960. అయినా పత్తి 24,000 ముందే ఉంది. ఆ ఏడుకు తమ్ముడు చెప్పింది నిజమే, ఒప్పుకున్నాను.

అక్కడ ఆపేసి ఉంటే నాలుగెకరాలూ పత్తి అయ్యేది. కానీ బుక్కులో రెండో ఏడు కూడా ఉంది.

2023 జులైలో కుండపోత వానలు, ఆగస్టులో చినుకు లేదు. చెలక పత్తి మొదట నీళ్లలో నిలబడి ఎర్రబారింది, తర్వాత పూత రాల్చింది. ఎకరాకు అయిదున్నర క్వింటాళ్లు. ఆ ఏడు పొడవు పింజ పత్తి మద్దతు ధర 7,020 ఉన్నా, తేమ ఎక్కువుందని మాకు 6,900 పడింది. పత్తికి ఎనిమిది శాతం తేమ లెక్క, పన్నెండు దాటితే మద్దతు ధరకు కొననే కొనరు. ఏరిన పత్తి రెండు రోజులు ఎండబోయకుండా బండెక్కిస్తే ఇలాగే అవుతుంది. 75,900 రాబడిలో చేతి ఖర్చు 54,000, ఇంటి కూలీ 15,000. ఎకరాకు మిగిలింది 3,450.

వానాకాలం వరి మాత్రం బోరు పుణ్యాన ఎకరాకు 25 క్వింటాళ్లు వచ్చింది, ధర 2,203. అన్నీ పోను ఎకరాకు 21,575.

యాసంగికి బోరు తగ్గింది. తమ్ముడు ఒక ఎకరమే నాటాడు, రెండోది పడావు పెట్టాడు. ఇక్కడ అంకెలు మోసం చేసే ఇంకో చోటు ఉంది. నాటిన ఎకరంలో 23 క్వింటాళ్లు పండి, అన్నీ పోను 12,669 మిగిలింది. "ఎకరాకు పన్నెండున్నర వేలు" అంటే మంచిగానే వినిపిస్తుంది. కానీ పడావు ఎకరం కూడా మనదే, దాని మీద సున్నా. దిగుబడిని నాటిన ఎకరాలతో భాగించాలి, పంట ఎట్లా వచ్చిందో తెలియడానికి. లాభాన్ని ఉన్న ఎకరాలతో భాగించాలి, భూమి మనకేం ఇచ్చిందో తెలియడానికి. అట్లా తీస్తే ఆ యాసంగి ఎకరాకు ఆరువేల పైచిలుకే. ఏడాదికి తరి ఎకరా ఇచ్చింది 27,910.

చివరి పేజీలో నాలుగు వరుసలే రాశాం. అన్నీ ఇంటి కూలీ తీశాక, ఉన్న ఎకరానికి మిగిలినవి.

2022-23, తరి, రెండు వరులు: 18,960
2022-23, చెలక పత్తి: 24,000
2023-24, తరి, రెండు వరులు: 27,910
2023-24, చెలక పత్తి: 3,450

రెండేళ్లు కలిపితే తరి ఎకరా 46,870, చెలక పత్తి 27,450. ఏడాదికి సుమారు 9,700 తేడా. తమ్ముడు ఆ నాలుగు వరుసలూ చాలాసేపు చూశాడు. మా మరదలు మాత్రం కూలీ వరుస దగ్గరే వేలు పెట్టి, "రెండో యేడు గూడ గంతే ఏరినం" అంది.

రైతుబంధు సంగతి అడుగుతారని తెలుసు. ఎకరాకు పంటకాలానికి 5,000 చొప్పున వచ్చింది. దాన్ని ఏ పంట పేజీలోనూ వేయలేదు. వరి పెట్టినా, పత్తి పెట్టినా, పడావు పెట్టినా అది భూమికి వచ్చేది, పంటకు కాదు. తమ్ముడు దాన్ని పత్తి విత్తనాలకు వాడేవాడు కాబట్టి పత్తి ఖర్చు తక్కువ అనుకునేవాడు. నాలుగు ప్యాకెట్లు, ఒక్కోటి 810, 3,240 రూపాయలు లెక్కలోనే రాలేదు. నా పేరు మీది సొమ్ము నా ఖాతాలో పడి, నేను వాడికి పంపేవాణ్ణి. దానికి వేరే పేజీ పెట్టాం, ఇద్దరి సంతకాలతో.

ఈ పద్దు చెప్పలేనిదీ ఉంది. చెలకలో వాన మీద పండిన పత్తిని బోరు కింది వరితో తూచాం. తరిలో పత్తి పెట్టి పూత, కాయ దశల్లో రెండు తడులు ఇస్తే ఎకరాకు అయిదున్నర కాకుండా ఎక్కువే రావచ్చు. నల్లరేగడి అయితే ఇంకా. మాది ఎర్ర దుబ్బ, వరి మడిలో నీళ్లు నిలిచే చోటు పత్తి వేరు కుళ్లుతుందని తమ్ముడే అన్నాడు. పైగా రెండేళ్లు అంటే రెండేళ్లే, ఒకటి పత్తికి మంచిది, ఒకటి చెడ్డది. అయిదేళ్ల పేజీలుంటే ధైర్యంగా చెప్పేవాణ్ణి. వరి లెక్కంతా బోరు మీద నిలబడి ఉంది, బోరు ఎండితే ఈ నాలుగు వరుసలకు విలువ లేదు. కొత్త బోరు వేయడానికి అయ్యే ఖర్చుతో రెండేళ్ల వరి లాభం మొత్తం మాయమవుతుంది. అది తమ్ముడి భయం, దానికి నా దగ్గర జవాబు లేదు.

అందుకని ఇద్దరం కలిసి అనుకున్నది ఇది. తరి రెండెకరాల్లో వానాకాలం వరి ఉంటుంది. యాసంగికి దీపావళి తర్వాత బోరు ఎంత పోస్తుందో చూసి, తగ్గితే ఒక ఎకరమే వరి, రెండోది పడావు పెట్టకుండా ఆరుతడి పంట, పల్లి. చెలకలో పత్తి అలాగే, ఎందుకంటే అక్కడ వరి రాదు. పత్తి సాళ్ల మధ్య కంది వేద్దామని వాడన్నాడు. అప్పుడు ఖర్చు రెండు పంటలకు ఎలా పంచాలని నేను అడిగితే, "గది నువ్వే సూసుకో, పద్దుల సారువి నువ్వే" అన్నాడు.

పోయిన నెల తూకం చీటీల ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు. ప్రతి చీటీ వెనక పంట పేరు, మడి పేరు రాసి ఉంది. ఒకదాని మీద రాత వాడిది కాదు. "కలుపు, నేను 4 రోజులు, అవ్వ 2 రోజులు" అని ఉంది.